ఓడిపోయే ఉద్దేశం లేని పాలకులు ఎన్నికలు ఎందుకు పెడతారు? మెక్సికో 71 ఏళ్ల అనుభవం

ప్రశ్న: గెలిచేది ఎవరో ముందే తెలుసు, ఓడిపోయే ఉద్దేశం అసలే లేదు. అలాంటప్పుడు నియంతలు అంత డబ్బు, అంత శ్రమ ఖర్చు పెట్టి ఎన్నికలు ఎందుకు జరుపుతారు? ప్రపంచం ముందు పరువు కోసమేనా? ఊరికే కుర్చీలో కూర్చుంటే ఎవరు అడుగుతారు?

సమాధానం:

పరువు కూడా ఒక కారణమేనండీ, కానీ చిన్న కారణం. పరాయి దేశాల మెప్పు కోసమే అయితే ఐదారేళ్లకోసారి ఒక రోజు తంతు జరిపి ఊరుకోవచ్చు. ఇలాంటి ప్రభుత్వాలు చాలాచోట్ల చిన్న పట్టణం పురపాలక సంఘానికి కూడా వేళ తప్పకుండా ఎన్నికలు పెడతాయి. వాటిని విదేశాల్లో ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ఆ ఎన్నికల అవసరం ఇంట్లోనే ఉంది.

ఆ అవసరం అర్థం కావాలంటే నియంత ఎవరిని చూసి భయపడతాడో ముందు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అరవై ఏళ్లలో రాజ్యాంగబద్ధంగా కాకుండా పదవి పోగొట్టుకున్న నియంతల లెక్క తీస్తే, దాదాపు మూడింట రెండొంతుల మందిని దించింది వాళ్ల సొంత మనుషులే. సైన్యాధిపతి, మంత్రి, పార్టీలో రెండో స్థానంలో ఉన్నవాడు. జనం తిరగబడి దించినవాళ్లు అందులో చాలా తక్కువ. అందుకే ఈ రకం ఎన్నికలు ఓటరును ఒప్పించడానికంటే సొంత పార్టీవాళ్లను అదుపులో పెట్టడానికే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా మెక్సికోతోనే మొదలుపెట్టేవాణ్ని. అక్కడ ఒకే పార్టీ 1929 నుంచి 2000 దాకా 71 ఏళ్లు వరుసగా అధ్యక్ష పదవిని చేతిలో పెట్టుకుంది. ఆ కాలమంతా ఎన్నికలు ఒక్కసారి కూడా ఆగలేదు. పైగా ఆ కథ ముగిసిపోయింది కాబట్టి లోపల ఏం జరిగిందో చాలావరకు బయటికి వచ్చింది.

ముందు తుపాకులు, తర్వాత పార్టీ

పోర్ఫిరియో దియాస్ అనే పాలకుడు ముప్పై ఏళ్లకు పైగా మెక్సికోను ఏలాడు. ఆయన కూడా ఎన్నికలు పెట్టాడు, దాదాపు ప్రతిసారీ తానే గెలిచాడు. 1910లో తన మీద పోటీకి దిగిన మదెరోను జైల్లో పెట్టించాడు. అక్కడి నుంచే విప్లవం మొదలైంది. ‘ఓటుకు విలువ ఉండాలి, రెండోసారి ఎన్నిక ఉండకూడదు’ అన్నది ఆ విప్లవం నినాదం.

దియాస్ వెళ్లిపోయాక వచ్చింది ప్రశాంతత కాదు. అధికారం చేతులు మారే ప్రతిసారీ సైన్యంలోని పెద్దలు తుపాకులు పట్టారు. తన తర్వాత ఎవరు రావాలో తానే నిర్ణయించబోయిన కరాన్సా 1920లో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత అధ్యక్షుడైన ఒబ్రెగోన్ తన వారసుణ్ని ప్రకటించగానే 1923 చివర్లో సైన్యంలో పెద్ద చీలిక వచ్చి తిరుగుబాటు జరిగింది. అదే ఒబ్రెగోన్ రెండోసారి ఎన్నిక కాకూడదన్న నిబంధన సడలించుకుని 1928లో మళ్లీ గెలిచాడు. పదవిలో కూర్చోకముందే జూలై 17న ఒక భోజన సభలో కాల్చి చంపారు.

అప్పుడు అధ్యక్షుడుగా ఉన్న కయ్యెస్‌కు ఒక విషయం స్పష్టమైంది. ఇంతమంది సేనాపతులు, ప్రాంతీయ పెద్దలు ఒకరినొకరు చంపుకోకుండా ఉండాలంటే, ఈ విడత పదవి దక్కనివాడికి వచ్చే విడతలో దక్కుతుందన్న నమ్మకం కలగాలి. ఆ నమ్మకం కోసం 1929 మార్చిలో ఆయన ఒక పార్టీ పెట్టి వాళ్లందరినీ అందులో చేర్చాడు. ఆ పార్టీయే పేర్లు మార్చుకుంటూ 1946లో పీఆర్ఐ అయింది. దాని పూర్తి పేరుకు అర్థం ‘వ్యవస్థాగత విప్లవ పార్టీ’. నేను అంతా పీఆర్ఐ అనే రాస్తాను.

క్యూ కదిలే పద్ధతి

1933లో రాజ్యాంగాన్ని సవరించి రెండు నిబంధనలు పెట్టారు. అధ్యక్షుడైనవాడు జీవితంలో మళ్లీ అధ్యక్షుడు కాకూడదు. పార్లమెంటు సభ్యులు వెంటనే రెండోసారి పోటీ చేయకూడదు. ఈ రెండో నిబంధనను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో మొత్తం యంత్రానికి ఇరుసు అదే.

మన దగ్గర ఒక ఎమ్మెల్యే నియోజకవర్గంలో పేరు తెచ్చుకుంటే, పార్టీ టికెట్ ఇవ్వకపోయినా ఇండిపెండెంట్‌గా నిలబడి గెలవగలడు. కనీసం బెదిరించగలడు. మెక్సికోలో దిగువ సభ సభ్యుడి పదవి మూడేళ్లు. ఆ రోజుల్లో నియోజకవర్గానికి ఎంత సేవ చేసినా నాలుగో ఏడు ఆ సీట్లో ఉండేవాడు కాదు. అతని తర్వాతి బతుకుతెరువు సెనేట్ టికెట్టో, గవర్నర్ పదవో, ఏదో ప్రభుత్వ సంస్థలో కుర్చీయో. అవన్నీ ఇచ్చేది పార్టీ, అంటే ఆ సమయంలో ఉన్న అధ్యక్షుడు. కాబట్టి సభ్యుడి చూపు ఓటరు వైపు కాక పైవైపే ఉంటుంది. మూడేళ్లకోసారి సీట్లన్నీ ఖాళీ అవుతాయి కాబట్టి వెనక నిలబడ్డవాళ్లకు కూడా ఆశ చావదు. 1946 చట్టం ఇంకో తలుపు మూసింది. గుర్తింపు పొందిన పార్టీ తరఫున తప్ప ఎవరూ పోటీ చేయకూడదు. ఆ గుర్తింపు ఇచ్చేది హోం శాఖ.

అన్నిటికంటే పైన అధ్యక్ష పదవి ఉంది. ఆరేళ్ల గడువు ముగిసే ముందు, ఉన్న అధ్యక్షుడు తన మంత్రుల్లో ఒకరిని వారసుడిగా ఎంచుకునేవాడు. దీన్ని అక్కడివాళ్లు ‘దెదాసో’ అంటారు, వేలు చూపించడం అని. పేరు బయటపెట్టే దాకా ఆ మనిషి ‘తపాదో’, అంటే ముసుగులో ఉన్నవాడు. ముసుగు తీసిన గంటల్లోనే కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, గవర్నర్లు, నిన్నటిదాకా పోటీపడ్డ మంత్రులు అందరూ పరుగున వచ్చి మద్దతు ప్రకటించేవాళ్లు. ఆ పరుగుకు కూడా ఒక పేరుంది, ‘కర్గాదా’. వేలు చూపించిన అధ్యక్షుడికి ఆరోజు నుంచే అధికారం జారిపోవడం మొదలయ్యేది. పదవి దిగాక ప్రాణానికి, ఆస్తికి సాధారణంగా ఢోకా ఉండేది కాదు. వారసుణ్ని ప్రకటిస్తే యుద్ధం వచ్చిన 1920ల నాటి దేశంలో ఇది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి.

అయితే ఓట్లెందుకు?

వారసుణ్ని వేలితోనే ఎంచుకుంటున్నప్పుడు నేరుగా నియమించవచ్చు కదా అనే సందేహం నా విద్యార్థులు ఏటా అడిగేవారు. దీనికి జవాబు టికెట్ దక్కనివాడి మనసులో ఉంది.

వేలు తన వైపు తిరగని మంత్రి ఒకడు ఉన్నాడనుకోండి. అతనికి పలుకుబడి ఉంది, డబ్బుంది, సైన్యంలో స్నేహితులున్నారు. పార్టీలోనే ఉండి ఆరేళ్లు ఆగాలా, బయటికి వెళ్లి పోటీ చేయాలా అని లెక్కలు వేసుకుంటాడు. 1940లో అల్మసాన్ అనే జనరల్ బయటికే వెళ్లాడు. రాజధానిలో ఆయన సభలకు జనం విరగబడ్డారు. పోలింగ్ రోజు బూత్‌ల దగ్గర కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అధికారిక లెక్కలో మాత్రం ఆయనకు ఆరు శాతం కూడా రాలేదు. 1952లో హెన్రీకెస్ అనే మరో జనరల్ బయటికి వచ్చి పోటీ చేశాడు. ఆయనకు సుమారు 16 శాతం ఓట్లు చూపించారు. రెండేళ్లకు ఆయన పార్టీ గుర్తింపునే రద్దు చేశారు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ల పాటు పీఆర్ఐలో చెప్పుకోదగ్గ పెద్ద నాయకుడెవరూ అధ్యక్ష పదవి కోసం పార్టీని చీల్చలేదు.

భారీ మెజారిటీ పని ఇదే. గెలవడానికి సగం ఓట్లు చాలు. అయినా పీఆర్ఐ ప్రతిసారీ డెబ్బై, ఎనభై, తొంభై శాతం కోసం ఎందుకు తాపత్రయపడింది? నూటికి యాభై అయిదు వస్తే, ‘ఇంకో అయిదారు శాతం నేను లాక్కుపోతే అయిపోతుంది’ అని లోపలి రెబెల్‌కు ఆశ పుడుతుంది. ఎనభై అయిదు వస్తే ఆ ఆశ పుట్టదు. పార్టీ బయట చీకటి తప్ప ఏమీ లేదని ప్రతి ఎన్నికా ప్రతి నాయకుడికీ అంకెల్లో చెబుతుంది. నియామకపు ఉత్తర్వు ఈ పని చేయలేదు. తక్కినవాళ్ల బలం ఎంతో, తన బలం ఎంతో అందరికీ ఒకేసారి కనిపించేలా చేసేది ఓట్ల లెక్కే. గెలుస్తామని తెలిసినచోట కూడా కార్యకర్తలు దొంగ ఓట్లు వేయించడానికి ఇది ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. తన ఊళ్లో ఓట్లు తగ్గితే తర్వాతి టికెట్ తనకు రాదని ఆ స్థానిక నాయకుడి టెన్షన్.

భారీ గెలుపుకు ఓడిపోయేవాడు కూడా అవసరం. 1976లో ప్రధాన ప్రతిపక్షం పాన్ పార్టీ అంతర్గత గొడవల వల్ల అభ్యర్థినే నిలబెట్టలేకపోయింది. గుర్తింపు పొందిన పార్టీల తరఫున బరిలో ఉన్నది పీఆర్ఐ అభ్యర్థి లోపెస్ పోర్తీయో ఒక్కడే. ఒకరకంగా దేశమంతా ఏకగ్రీవం. బయటినుంచి చూస్తే ఇది సంపూర్ణ విజయం. లోపలివాళ్లు దాన్ని ప్రమాదంగా చూశారు. ఎదురే లేని ఎన్నికలో వచ్చిన అంకె ఎవరికీ ఏమీ చెప్పదు. పోటీ చేసే దారి లేని అసంతృప్తి కొండల్లోకి వెళ్లి తుపాకీ పడుతుంది, ఆ దశకంలో గెర్రెరో రాష్ట్రంలో అది జరిగింది కూడా. అందుకే మరుసటి ఏడాది 1977లో ప్రభుత్వమే చట్టం మార్చి కమ్యూనిస్టు పార్టీకి ఎన్నికల్లో చోటిచ్చింది. దిగువ సభలో 100 సీట్లు దామాషా పద్ధతిలో చిన్న పార్టీలకు కేటాయించింది. గెలిచే అవకాశం ఇవ్వలేదు. బరిలో ఉండటానికి సరిపడా కూలి ఇచ్చింది. ఆ కూలి ప్రతిపక్షంలో కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. దాంతో వాళ్లు రెండుగా చీలిపోతారు. అది కూడా పాలకుడికి లాభమే.

ఎవరు మనవాళ్లు, ఎవరు కారు

నియంతకు నిజం చెప్పేవాళ్లు ఉండరు. పత్రికలకు న్యూస్‌ప్రింట్ అమ్మే కంపెనీ ప్రభుత్వం చేతిలోనే ఉండేది. అలాంటప్పుడు ఏ జిల్లాలో జనం మండిపోతున్నారో రాజధానికి ఎలా తెలుస్తుంది? గవర్నర్ రాసే నివేదికలో అంతా బాగానే ఉంటుంది. ఓట్లు దొంగవైనా సరే, అవి పడటానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందో పార్టీకి తెలుసు. ఏ పురపాలక సంఘంలో జనం ఇంట్లోంచి కదల్లేదు, ఎక్కడ పాన్ పార్టీకి అనుకున్నదానికంటే ఎక్కువ పడ్డాయి, ఏ నాయకుడు తాను మాట ఇచ్చినన్ని బస్సుల జనాన్ని తేలేకపోయాడు, ఇవన్నీ ఎన్నిక తర్వాత లెక్కలోకి వచ్చేవి.

ఆ లెక్క డబ్బుగా మారేది. ఉమ్మడి భూమి సాగు చేసుకునే రైతుకు విత్తనానికి అప్పు ప్రభుత్వ బ్యాంకే ఇవ్వాలి. ఊరికి మంచినీళ్లు, కరెంటు, బడి కావాలంటే పైనుంచే రావాలి. తమ ఊరు పీఆర్ఐని ఓడిస్తే ఆ పంపు ఆగిపోతుందని జనానికి తెలుసు. అందుకే పార్టీ అంటే ఇష్టం లేనివాళ్లు కూడా దానికే ఓటేశారు. పేద పల్లెల్లో పీఆర్ఐ ఓట్లు అన్నీ దొంగవి అనుకుంటే పొరపాటు. చాలావరకు నిజంగా పడ్డవే. ‘మా పక్క ఊరు అవతలి పార్టీకి వేసి ఏం బాగుపడింది?’ అన్న భయంతో పడ్డవి.

1988 జూలై 6

ఇంత బిగువైన యంత్రం కూడా ఎక్కడ సడలుతుందో 1988 చూపించింది. ఇది కాస్త వివరంగా రాస్తాను.

1982లో మెక్సికో విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. పంచడానికి డబ్బు లేదు. కూలీల నిజ వేతనాలు కుప్పకూలాయి. 1987లో ధరలు ఏడాదిలోనే రెండున్నర రెట్లు అయ్యాయి. అధ్యక్షుడు దె లా మద్రిద్, ఆయన చుట్టూ ఉన్న ఆర్థికవేత్తలు ఖర్చులు కోసేశారు. పార్టీలో కిందినుంచి ఎదిగిన పాత నాయకులకు క్యూ కదలడం ఆగిపోయింది. పైమెట్లన్నీ ఆర్థిక శాఖల అధికారులే ఎక్కేస్తున్నారు. అప్పుడు కువౌతెమోక్ కార్దెనాస్, ముఞోస్ లెదో అనే ఇద్దరు సీనియర్లు అభ్యర్థిని పార్టీ సభ్యులే ఎన్నుకోవాలని అసమ్మతి లేవదీశారు. కార్దెనాస్ మామూలు మనిషి కాడు. మిచోకాన్ రాష్ట్రానికి గవర్నర్‌గా చేశాడు. రైతులకు భూములు పంచి, 1938లో చమురు కంపెనీల్ని జాతీయం చేసిన అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ కొడుకు. 1987 అక్టోబర్‌లో వేలు సలీనాస్ అనే యువ ఆర్థికవేత్త మీదికి తిరిగింది. కార్దెనాస్ బయటికి వచ్చేశాడు.

ఇండిపెండెంట్‌గా నిలబడటానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదని ముందే చెప్పాను. ఇక్కడ పాలకులు పెంచిన మొక్కే వాళ్లకు అడ్డం తిరిగింది. పార్మ్ అనే చిన్న పార్టీ ఒకటి ఉండేది. అది ముప్పై ఏళ్లుగా ప్రతిపక్షం పేరుతో ఉంటూ అధ్యక్ష ఎన్నికలో పీఆర్ఐ అభ్యర్థినే బలపరిచేది. గుర్తింపు దానికి ప్రభుత్వమే ఇచ్చి కాపాడింది. ఆ పార్టీ తన గుర్తును కార్దెనాస్‌కు ఇచ్చింది. అలాంటి మరి రెండు తోక పార్టీలు కూడా వెంట వచ్చాయి.

పోలింగ్ రోజు మామూలు పద్ధతులన్నీ నడిచాయి. మెక్సికోలో వీటికి ముద్దుపేర్లు ఉన్నాయి. నాలుగైదు బ్యాలెట్లు కలిపి మడిచి పెట్టెలో వేస్తే ‘తాకో’. తెల్లారకముందే ఓట్లతో నింపిన పెట్టె ‘గర్భిణి పెట్టె’. ఒకే బృందం బూత్ తర్వాత బూత్ తిరిగి ఓట్లేస్తే ‘కరుసెల్’, అంటే రంగులరాట్నం. ప్రతిపక్షం ఓటరు తన పేరు ఏ జాబితాలో ఉందో తెలియక బూత్ నుంచి బూత్‌కు పరుగులు తీస్తే ‘పిచ్చి ఎలుక’. ఇవన్నీ చేసినా ఆ సాయంత్రం సరిపోలేదు.

ఎన్నికల సంఘం అధ్యక్షుడు హోం మంత్రి బార్త్‌లెత్. అంటే పోటీదారే అంపైర్. ఫలితాలు వచ్చినవి వచ్చినట్టు కంప్యూటర్ తెర మీద చూపిస్తామని ప్రతిపక్షాలకు మాటిచ్చారు. రాజధాని చుట్టుపక్కల నుంచి తొలి అంకెలు రాగానే అవి కార్దెనాస్‌కు అనుకూలంగా ఉన్నాయని లోపలివాళ్లకు అర్థమైంది. ప్రతిపక్షాల తెరలు ఆగిపోయాయి. ‘సిస్టమ్ పడిపోయింది’ అన్న మాట అప్పటినుంచి మెక్సికోలో సామెతలా నిలిచిపోయింది. ఆ అంకెలు చూసి ఫలితాల ప్రకటన ఆపించామని దె లా మద్రిద్ స్వయంగా తర్వాతి కాలంలో తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. ఆ రాత్రే, లెక్కలు బయటికి రాకుండానే, సలీనాస్ గెలిచాడని పీఆర్ఐ అధ్యక్షుడు ప్రకటించేశాడు. మళ్లీ అదే పద్ధతి. ముందు ప్రకటించేస్తే, అటూ ఇటూ ఊగుతున్న పార్టీవాళ్లు ఎటు నిలబడాలో తేల్చుకుంటారు.

చివరికి చూపించిన అంకెలు సలీనాస్‌కు యాభై శాతానికి కాస్త ఎక్కువ, కార్దెనాస్‌కు 31, పాన్ అభ్యర్థి క్లౌతియెర్‌కు 17. మొత్తం సుమారు 55 వేల బూత్‌లు. అందులో దాదాపు 25 వేల బూత్‌ల విడి ఫలితాలు ప్రభుత్వం అప్పట్లో బయటపెట్టలేదు.

నేను బ్యాలెట్ పేపర్ల కాలంలో కొన్నిసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా పనిచేశాను కాబట్టి ఈ పాయింట్ దగ్గర కొంచెం ఆగుతాను. మన దగ్గర పెట్టెలకు సీలు వేసి లెక్కింపు కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లం. పోలైన ఓట్ల లెక్క కాగితం మాత్రం ఏజెంట్ల చేతికి ఇచ్చేవాళ్లం. మెక్సికోలో లెక్కింపు బూత్‌లోనే జరుగుతుంది. అక్కడే ‘ఆక్తా’ అనే పత్రం రాసి, ఏజెంట్లకు నకలు ఇవ్వాలి. అంటే బూత్‌లో ప్రతిపక్షం ఏజెంట్ ఒకడు గట్టిగా కూర్చుంటే అతని చేతిలో కాగితం ఉంటుంది. పైన ఎవరు మార్చినా పట్టుబడుతుంది. ఏజెంట్ లేని బూత్‌లో పత్రం జిల్లా కార్యాలయానికి చేరేలోపు ఏమైనా కావచ్చు. కార్దెనాస్‌కు డబ్బు, సంస్థ రెండూ లేవు. వేల బూత్‌లలో మనిషే లేడు. భద్రపరిచిన ఆ పత్రాల ఫొటోలను చాలా ఏళ్ల తర్వాత ఒక మెక్సికన్ పరిశోధకుడు కంప్యూటర్ సాయంతో ఒక్కొక్కటీ చూసి, సుమారు మూడో వంతు పత్రాల్లో అంకెలు దిద్దిన గుర్తులు ఉన్నాయని తేల్చాడు. ఉన్న అంకెను వేరే అంకెగా దిద్దడం, చివర సున్నా తగిలించడం లాంటి పనులు.

నిజంగా ఎవరు గెలిచారో ఎప్పటికీ తేలదు. బ్యాలెట్ పత్రాలు పార్లమెంటు నేలమాళిగలో సైనికుల కాపలాలో ఉండేవి. 1991 చివర్లో వాటిని తగలబెట్టాలని పార్లమెంటే తీర్మానించింది. ఆ తీర్మానానికి పాన్ పార్టీ కూడా మద్దతిచ్చింది.

పాన్ ఎందుకు ఒప్పుకుంది?

సలీనాస్ గద్దెనెక్కాక చేసిన పనుల్లో ఈ వ్యవస్థ తెలివి అంతా కనిపిస్తుంది. ప్రతిపక్షం రెండు ముక్కలు. ఒకవైపు కుడిపక్షమైన పాన్, ఇంకోవైపు కార్దెనాస్ కొత్తగా పెట్టిన పీఆర్‌డీ. సలీనాస్ ఒకరికి తలుపు తెరిచి, ఇంకొకరికి మూశాడు. 1989లో బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో పాన్ అభ్యర్థి గవర్నర్‌గా గెలిస్తే ఒప్పుకున్నారు. అరవై ఏళ్లలో ప్రతిపక్షానికి దక్కిన మొదటి గవర్నర్ పదవి అది. అదే రోజు మిచోకాన్‌లో, అంటే కార్దెనాస్ సొంత రాష్ట్రంలో, శాసనసభ ఎన్నికల్లో తామే గెలిచామని పీఆర్‌డీ గగ్గోలు పెట్టినా వినలేదు. రాజ్యాంగ సవరణలకు పీఆర్ఐ దగ్గర మూడింట రెండొంతుల బలం లేదు. ఆ లోటు పాన్ తీర్చింది. ఒక్కరితో బేరం కుదిరితే రెండోవాడు ఒంటరి అవుతాడు.

ఇంకోవైపు ఓట్ల పటం చూసుకుని డబ్బు పంచారు. 1988 డిసెంబర్‌లోనే ‘ప్రోనసోల్’ అనే సంఘీభావ పథకం మొదలైంది. రోడ్లు, తాగునీరు, బడుల మరమ్మతు, చిన్న అప్పులు. తర్వాత పరిశోధకులు పురపాలక సంఘాల వారీగా ఖర్చు తీసి చూస్తే, డబ్బు కేవలం పేదరికాన్ని బట్టి పోలేదు. పీఆర్ఐ చేయి జారిపోతుందేమో అన్న చోట్లకు ఎక్కువ పోయింది, అప్పటికే ప్రతిపక్షం చేతిలోకి వెళ్లినచోట్లకు తక్కువ పోయింది. మూడేళ్లకు 1991 పార్లమెంటు ఎన్నికల్లో పీఆర్ఐకి అరవై శాతం పైగా ఓట్లు వచ్చాయి. 1988 పత్రాలు ఇచ్చిన సమాచారంతోనే ఇది సాధ్యమైంది. ఎన్నికే లేకపోతే ఎక్కడ నష్టపోతున్నారో వాళ్లకు తెలిసేదే కాదు.

మరి 2000లో ఎందుకు పోయింది?

1988 తర్వాత జనం నమ్మని ఎన్నిక పాలకుడికి కూడా పనికిరాకుండా పోయింది. అంకె ఎంత పెద్దదైనా ఎవరూ నమ్మకపోతే లోపలి రెబెల్ భయపడడు. అందుకే నమ్మకం కొనుక్కోవడానికి 1990లో కొత్త ఎన్నికల సంస్థ ఐఎఫ్ఈని పెట్టారు, ఆ తర్వాత ఫొటోతో ఓటరు కార్డు తెచ్చారు. 1994లో చియాపాస్ రాష్ట్రంలో జపతిస్తా అనే సాయుధ దళం తిరుగుబాటు, పీఆర్ఐ అభ్యర్థి కొలోసియో హత్య, ఏడాది చివర్లో మెక్సికో కరెన్సీ పెసో పతనం వరసగా వచ్చాయి. మళ్లీ డబ్బు అయిపోయింది. 1996లో ఆ సంస్థ నుంచి ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పించారు. 1997లో దిగువ సభలో పీఆర్ఐ మెజారిటీ పోయింది. రాజధాని మేయర్ పదవికి మొదటిసారి జరిగిన ఎన్నికలో గెలిచింది ఎవరో కాదు, కార్దెనాసే. 2000 జూలై 2న పాన్ అభ్యర్థి ఫాక్స్ 42 శాతం పైగా ఓట్లతో గెలిచాడు. ఆ రాత్రే పీఆర్ఐకే చెందిన దేశాధ్యక్షుడు జెదియో టీవీలోకి వచ్చి ఫాక్స్ గెలుపును ఒప్పుకున్నాడు. 1988లో సలీనాస్‌ను ముందే గెలిపించిన ప్రకటన ఎంత పనిచేసిందో ఇది కూడా అంతే పనిచేసింది, ఎదురు దిశలో. ఫలితాన్ని వమ్ము చేద్దామనుకున్న పార్టీ నాయకులకు నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

మెక్సికో కథ అన్ని దేశాలకూ అతకదు. అక్కడ మనిషి మారతాడు, పార్టీ ఉంటుంది. ఒకే మనిషి దశాబ్దాల పాటు గెలుస్తూ పోయే దేశంలో క్యూ కదలదు. అక్కడ ఎన్నికలు ఆశ పుట్టించవు. బలం చూపించడానికి మాత్రమే పనికొస్తాయి, ఆ బలప్రదర్శన కూడా బెడిసికొట్టవచ్చు. బెలారస్‌లో 2020 ఆగస్టులో లుకషెంకోకు 80 శాతం వచ్చాయని ప్రకటించగానే లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ అంకెను ఎవరూ నమ్మలేదు. ఆయన్ను ఆ రోజు నిలబెట్టింది ఎన్నిక కాదు, పోలీసులు.

ఇకమీదట ఇలాంటి దేశంలో ఎన్నికల వార్త చదివినప్పుడు గెలిచినవాడి శాతం దగ్గర ఆగిపోకండి. పాలక పార్టీ నుంచి పెద్ద మనిషి ఎవరైనా బయటికి వచ్చి పోటీ చేశాడా, అతన్ని బ్యాలెట్ మీదికి రానిచ్చారా అన్నది మొదట చూడండి. ఆ తర్వాత బూత్ వారీ ఫలితాలు బయటపెట్టారా లేదా చూడండి. 1988లో సలీనాస్‌కు వచ్చాయన్న యాభై శాతం గురించి మెక్సికన్లు ఇప్పుడు పెద్దగా మాట్లాడరు. ఆ 25 వేల బూత్‌ల గురించే మాట్లాడతారు.